నియమాల వరుస: ఒక ఊహాభాష, నాలుగు గ్రామాలు

ఒక భాషలో పదాలు ప్రత్యయాలతో కలిసినప్పుడు జరిగే ధ్వనిమార్పులను నియమాలుగా రాయవచ్చునన్నది తెలుగు పాఠకులకు కొత్త సంగతి కాదు, సంధిసూత్రాలు బడిలో చదివినవారందరికీ అది పరిచయమే. అయితే ఒకే పదం మీద రెండు మూడు నియమాలు పనిచేయవలసి వచ్చినప్పుడు వాటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న బడిపాఠాల్లో సాధారణంగా తలెత్తదు. ఒక నియమం చేసిన మార్పు వల్ల రెండో నియమానికి కొత్తగా పని దొరకవచ్చు, లేదా దానికి దొరకవలసిన పని చేజారిపోవచ్చు. అందువల్ల నియమాలు అవే అయినా వాటి వరుస మారితే పలికే పదం మారిపోతుంది. ఈ సంగతిని నిజమైన భాషలో మొదటిసారి చూపబోతే ఆ భాషలోని అపవాదాలు, ఎరువు మాటలు, చారిత్రక అవశేషాలు అడ్డుపడతాయి కనుక, భాషాశాస్త్ర తరగతుల్లో కల్పిత దత్తాంశంతో చిన్న సమస్యను తయారుచేసి విద్యార్థులకు ఇవ్వడం ఆనవాయితీగా ఉంది. ఈ అధ్యాయం కూడా అలాంటి సమస్య చుట్టూనే నడుస్తుంది.

కిమల అనే భాష ఒకటి ఉన్నదని, ఒక లోయలోని గ్రామంలో దాన్ని మాట్లాడుతున్నారని అనుకోవాలి. ఆ భాషలో కొన్ని నామవాచకాలను విడిగా పలికినప్పుడు ఉండే రూపమూ, ‘లో’ అనే అర్థమిచ్చే ‘న’ ప్రత్యయం చేరినప్పుడు ఉండే రూపమూ ఇలా ఉన్నాయి.

| అర్థం | విడి రూపం | ‘లో’ రూపం |
|---|---|---|
| ఇల్లు | మోలి | మోలెన |
| రాయి | బామి | బామ్న |
| చేప | బేచి | బేతెన |
| పడవ | లాచి | లాత్న |
| బుట్ట | పోచి | పోచ్న |
| చెట్టు | మాత్ | మాత్న |

దీనికి తోడు ఇంకొక్క రూపం: ‘చెట్లు’ అనడానికి ఆ గ్రామంలో ‘మాచిర్’ అంటారు, ‘కొండ’కు దుమ్ అనీ, ‘కొండలు’ అనడానికి దుమిర్ అనీ అంటారు కనుక బహువచన ప్రత్యయం ‘ఇర్’ అని తేలికగానే తెలుస్తుంది. తెలుగు లిపి అక్షరాలను గుచ్ఛాలుగా చూపుతుంది కాబట్టి ఈ లెక్కలో ‘తి’ని త్, ఇ అనే రెండు ధ్వనులుగా విడదీసి చూడడం అవసరం.

మొదట పట్టికలోని మోలి, బామి అనే మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే, విడిగా రెండూ ఇకారంతోనే ముగుస్తున్నా, ప్రత్యయం చేరగానే ఒకదానిలో ఎకారం కనిపిస్తుంది, రెండోదానిలో అచ్చే మాయమవుతుంది. రెండింటి ప్రాతిపదికలూ ఇకారాంతాలే అయితే ఈ తేడాకు కారణం చెప్పలేము. కాబట్టి మనసులో దాచుకున్న మూలరూపం, అంటే భాషాశాస్త్రంలో ఆధార రూపం అనేది, మొదటి మాటకు ‘మోలె’ అనీ, రెండోదానికి ‘బామి’ అనీ ఒప్పుకోవాలి. అప్పుడు రెండు నియమాలు బయటపడతాయి. పదాంతంలో ఉన్న ఎకారం ఇకారమవుతుంది. దీన్ని ఇత్వం అందాము (తెలుగు వ్యాకరణంలోని ఇత్వసంధితో దీనికి సంబంధం లేదు). ముందు ఒక హల్లు, వెనుక అచ్చుతో కూడిన ఒక హల్లు ఉన్నప్పుడు ఆ రెండింటి నడుమ చిక్కిన ఇకారం పోతుంది. దీని పేరు ఇలోపం. ఎకారానికి ఈ లోపం లేదని మోలెన సాక్ష్యం చెబుతుంది.

ఇక చకారం సంగతి. లాచి, లాత్న అన్న జంటలో చ్, త్ మారుతున్నాయి. చకారమే అసలుదనీ, నకారానికి ముందు అది తకారమైందనీ ఎవరైనా అనవచ్చు. అది తొందరపాటు అవుతుంది, ఎందుకంటే అదే నియమం నిజమైతే ‘బుట్టలో’ అనడానికి పోత్న అనవలసి ఉండగా ఆ గ్రామస్థులు పోచ్న అంటున్నారు. కాబట్టి పడవకు ఆధార రూపం ‘లాతి’, బుట్టకు ‘పోచి’. ఇకారానికి ముందున్న తకారమే చకారమవుతున్నది. మాత్, మాచిర్ అనే జంట దీన్ని స్థిరపరచడమే కాక, ఈ మార్పు పదాంతానికి మాత్రమే పరిమితం కాదని, పదం నడుమ కూడా జరుగుతుందని చూపుతుంది. మూడో నియమమైన దీని పేరు చత్వం. మాచిర్ అనే ఒక్క రూపం లేకపోతే ‘పదాంతంలో తి చి అవుతుంది’ అని రాసి ఊరుకోవచ్చు, అప్పుడు వరుస గురించిన చర్చలో సగం తలెత్తదు. సమస్య కూర్చేవారు ఇలాంటి రూపాన్ని మరచిపోవడం అరుదు కాదు.

చేప మాటను ఇప్పుడు లెక్కించి చూడాలి. ‘బేతెన’ను బట్టి ఆధార రూపం ‘బేతె’. ఇందులో తకారం తరువాత ఎకారం ఉంది కనుక చత్వానికి పని లేదు. అయితే ఇత్వం జరిగి ‘బేతి’ అయ్యాక తకారానికి ఎదురుగా ఇకారం వచ్చి నిలిచింది, చత్వం దాన్ని పట్టుకొని ‘బేచి’ చేసింది. ఇలా ముందు జరిగిన నియమం వెనుకటి నియమానికి అంతకుముందు లేని అవకాశాన్ని కల్పించడాన్ని పోషక సంబంధం అంటారు. ఇంగ్లీషు గ్రంథాల్లో దీని పేరు ఫీడింగ్. ఇత్వం చత్వాన్ని పోషిస్తున్నది.

‘పడవలో’ విషయంలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ‘లాతి’కి ‘న’ చేరినప్పుడు తకారం పక్కనే ఇకారం ఉంది, చత్వానికి కావలసినదంతా సిద్ధంగానే ఉంది. కాని ఇలోపం ముందుగా వచ్చి ఆ ఇకారాన్ని తీసివేయడంతో ‘లాత్న’ మిగిలింది, చత్వం వచ్చేసరికి అక్కడ దానికి చేయడానికేమీ లేదు. ఒక నియమం తరువాతి నియమానికి దక్కవలసిన అవకాశాన్ని ముందే హరించడాన్ని హారక సంబంధం అంటారు, ఇంగ్లీషులో బ్లీడింగ్. ఈ రెండు పేర్లనూ 1968లో భాషల మార్పును గురించి రాసిన వ్యాసంలో పాల్ కిపార్స్కీ ప్రచారంలోకి తెచ్చాడు. అదే సంవత్సరం నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే ఇంగ్లీషు ధ్వనివ్యవస్థను వరుసక్రమంలో నడిచే నియమాలతో వర్ణించిన పెద్ద గ్రంథం వెలువడింది.

లోయకు ఎగువన కొండమీది గ్రామంలో అదే భాషను కొద్ది తేడాతో మాట్లాడతారని ఇప్పుడు ఊహించాలి. ప్రాతిపదికలు అవే, మూడు నియమాలూ అవే, పడవను అక్కడా లాచి అనే అంటారు, చెట్లను మాచిర్ అనే అంటారు. కాని చేపను బేతి అంటారు, ‘పడవలో’ అనడానికి లాచ్న అంటారు. అక్కడ చత్వం అన్నిటికంటే ముందు పనిచేస్తుందనుకుంటే రెండు రూపాలూ ఒకేసారి విడిపోతాయి. ‘బేతె’ను చత్వం చూసినప్పుడు అందులో ఇకారం లేదు కనుక అది వదిలి వెళ్లిపోయింది, తరువాత ఇత్వం జరిగి ‘బేతి’ వచ్చింది, అప్పటికి చత్వం వంతు దాటిపోయింది. పోషించగలిగిన నియమం ఆలస్యంగా రావడం వల్ల పోషణ జరగకపోవడం ఇది, దీన్ని ప్రతిపోషక సంబంధం అనవచ్చు. ‘లాతి+న’ను చత్వం ముందుగా చూసి ‘లాచిన’ చేసింది, ఆ తరువాత ఇలోపం వచ్చి ఇకారాన్ని తీసివేసింది. హరించవలసినది ఆలస్యంగా వచ్చింది కనుక ఇది ప్రతిహారకం.

కొండ గ్రామపు మాటలు వినేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. బేతిలో చత్వానికి కారణం కళ్లెదుటే ఉంది, కార్యం లేదు. లాచ్నలో కార్యం ఉంది, కారణం కనిపించదు. పైకి పలికే రూపాలను మాత్రమే చూసినవారికి నియమం ఎక్కడ ఎందుకు వర్తించిందో మరుగున పడిపోయే ఈ స్థితిని అపారదర్శకత అంటారు. లోయ గ్రామంలో అలాంటి ఇబ్బంది లేదు, అక్కడ తకారం ఇకారానికి ముందు ఎప్పుడూ నిలవదు.

ఇంతవరకూ చూసిన పాఠకుడు ఒక గట్టి అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అసలు వరుస ఎందుకు? కొండ గ్రామంలో మూడు నియమాలూ ఆధార రూపాన్ని ఒకేసారి చూసి, ఒకేసారి పనిచేస్తాయని అనుకుంటే చాలు: ‘బేతె’లో ఇత్వానికి మాత్రమే పని ఉంది, బేతి వస్తుంది; ‘లాతి+న’లో చత్వానికీ ఇలోపానికీ ఒకేసారి పని ఉంది, లాచ్న వస్తుంది. లోయ గ్రామంలో దీనికి తలకిందులుగా, చత్వం ఆధార రూపాన్ని చూడదు, పలికే రూపాన్నే చూస్తుంది అనుకుంటే చాలు: పలికేటప్పుడు ‘తి’ అని రాబోతే ‘చి’ అవుతుంది, రాకపోతే లేదు. అంటే ఒక గ్రామానికి మూలం, రెండో గ్రామానికి ఫలితం చూసుకుంటే సరిపోయింది, ముందువెనుకల మాటే అక్కరలేదు. ఈ అభ్యంతరం నిలబడగలిగినదే; పాఠ్యపుస్తకాలు పోషక, హారక ఉదాహరణలను విడివిడిగా చూపి వరుస రుజువైందని ముగించినప్పుడు ఇది జవాబు లేకుండానే మిగిలిపోతుంది.

జవాబు మూడో గ్రామంలో దొరుకుతుంది. ఏటి రేవులోని ఆ గ్రామంలో చేపను బేచి అంటారు, ‘పడవలో’ అనడానికి లాచ్న అంటారు. బేచి రావాలంటే చత్వం మూలాన్ని కాక ఇత్వం జరిగిన తరువాతి రూపాన్ని చూసి ఉండాలి. లాచ్న రావాలంటే అదే చత్వం ఇలోపం జరిగిన తరువాతి రూపాన్ని చూడకుండా ఉండాలి. మూలం మాత్రమే చూసేదైతే మొదటిది రాదు, ఫలితం మాత్రమే చూసేదైతే రెండోది రాదు. చత్వం చూసిన రూపం మూలమూ కాదు, ఫలితమూ కాదు, ఇత్వం అయిపోయి ఇలోపం ఇంకా కాని ఒక నడిమి మజిలీ. అలాంటి మజిలీ ఉన్నదని ఒప్పుకోవడమే నియమాలకు వరుస ఉన్నదని ఒప్పుకోవడం. ఇత్వం, చత్వం, ఇలోపం అన్న వరుసలో రేవు గ్రామపు రూపాలన్నీ తేలికగా వచ్చేస్తాయి.

ఇలోపం, చత్వం, ఇత్వం అన్న వరుస నాలుగో గ్రామానికి మిగిలింది. ఆ గ్రామాన్ని తోపు అందాము. అక్కడ బేతి, లాత్న వస్తాయి. ఇది కూడా నడిమి మజిలీ లేకుండా వివరించలేని రకమే. నాలుగు గ్రామాల మధ్య తేడాను ఒకే ఒక్క మాటతో పట్టుకోవచ్చునా అని అడిగితే, ‘తో’ అనే అర్థమిచ్చే ‘తె’ ప్రత్యయం అందుకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ‘లాతి+తె’ అన్న ఆధార రూపంలో రెండు తకారాలున్నాయి, ఒకదాని పక్కన పోబోయే ఇకారం, రెండోదాని పక్కన రాబోయే ఇకారం. లోయ గ్రామంలో ముందు ఇలోపం వల్ల ‘లాత్తె’, తరువాత ఇత్వం వల్ల ‘లాత్తి’, చివర చత్వం వల్ల ‘లాత్చి’ వస్తుంది. కొండమీద చత్వం ముందు కనుక ‘లాచితె’, ఆపైన ఇలోపంతో ‘లాచ్తె’, ఇత్వంతో ‘లాచ్తి’. రేవులో ఇత్వం వల్ల ‘లాతితి’, చత్వం రెండు తకారాలనూ పట్టుకొని ‘లాచిచి’, ఇలోపం వల్ల ‘లాచ్చి’. తోపులో ‘లాత్తె’ అయ్యాక చత్వానికి ఏమీ దొరకదు, చివరికి ‘లాత్తి’ మిగులుతుంది.

| గ్రామం | వరుస | చేప | పడవలో | పడవతో |
|---|---|---|---|---|
| లోయ | ఇలోపం, ఇత్వం, చత్వం | బేచి | లాత్న | లాత్చి |
| కొండ | చత్వం, ఇలోపం, ఇత్వం | బేతి | లాచ్న | లాచ్తి |
| రేవు | ఇత్వం, చత్వం, ఇలోపం | బేచి | లాచ్న | లాచ్చి |
| తోపు | ఇలోపం, చత్వం, ఇత్వం | బేతి | లాత్న | లాత్తి |

‘పడవతో’ అనడానికి లోయవారు వాడే లాత్చిలో, కొండవారు వాడే లాచ్తిలో అవే త్, చ్ ధ్వనులు స్థానాలు తారుమారై కనిపిస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన విన్న పరిశీలకుడు వర్ణవ్యత్యయం జరిగిందని, అంటే పక్కపక్క ధ్వనులు చోట్లు మార్చుకున్నాయని పొరబడే అవకాశం చాలా ఉంది. నిజానికి ఏ ధ్వనీ తన చోటు నుంచి కదలలేదు.

ఇవన్నీ కాగితం మీది గ్రామాలే అయినా, వీటిలో జరిగేవి నిజమైన భాషల్లోనూ జరుగుతాయి. కిమలలోని చేప మాట దాదాపు ఫిన్నిష్ భాషలోని నీటి మాటకు నకలు: అక్కడ ప్రాతిపదిక ‘వెతె’, పదాంతపు ఎకారం ఇకారమవుతుంది, ఇకారానికి ముందు తకారం సకారమవుతుంది, కనుక విడిగా పలికితే ‘వెసి’ వస్తుంది. నిజమైన భాష కావడం వల్ల అక్కడ ఒక మెలిక కూడా ఉంది. తల్లి అనే మాటలో మొదటి నుంచీ ‘తి’యే ఉంది, అది మాత్రం మారదు, ఆ నియమం వేరే మార్పు వల్ల ఏర్పడిన ‘తి’ని పట్టుకుంటుంది కాని పుట్టుకతో ఉన్నదాన్ని ముట్టుకోదు.

ప్రతిపోషకానికి సంస్కృతంలో చక్కని ఉదాహరణ ఉంది. రామ శబ్దానికి తృతీయా బహువచనంలో ‘భిస్’ ప్రత్యయం స్థానంలో ‘ఐస్’ వచ్చి రామైః అవుతుంది, ఎందుకంటే ఆ ప్రత్యయం హ్రస్వ అకారం తరువాత ఉంది. రాజన్ శబ్దంలో చివరి నకారం పోయాక మిగిలిన ‘రాజ’ కూడా అకారాంతమే, అయినా రాజైః రాదు, రాజభిః అనే వస్తుంది. పాణిని అష్టాధ్యాయిలో ‘ఐస్’ను విధించే సూత్రం ఏడో అధ్యాయం మొదటి పాదంలోను, నకారలోపం ఎనిమిదో అధ్యాయం రెండో పాదంలోను ఉన్నాయి. ఆ రెండో పాదపు మొదటి సూత్రం, అక్కడి నుంచి గ్రంథాంతం వరకు ఉన్న సూత్రాలు చేసిన మార్పులు వాటికంటే ముందున్న సూత్రాల దృష్టిలో జరగనట్లేనని శాసిస్తుంది, దీనికే అసిద్ధత్వమని పేరు. నకారలోపం ఏయే కార్యాల విషయంలో అసిద్ధమో ఆ వెంటనే వచ్చే సూత్రం విడిగా నిర్ణయిస్తుంది, విభక్తి ప్రత్యయాలకు జరిగే కార్యం వాటిలో ఒకటి. కనుక నకారం పోయినా, ‘ఐస్’ సూత్రం దృష్టిలో అది ఇంకా అక్కడే ఉంది.

ప్రతిహారకం కోసం తెలుగు విడిచి పోనక్కరలేదు. గ్రాంథిక భాషలో ‘పూచెను’ అన్న ద్రుతాంత పదం మీద ‘కలువలు’ చేరినప్పుడు, ద్రుతమైన నకారం వల్ల కకారం గకారమవుతుంది. ఆపైన ఆ నకారమే అరసున్నగా తేలిపోయి ‘పూచెఁ గలువలు’ అనే రూపం ఏర్పడవచ్చు. అరసున్నను పలకని నేటి ఉచ్చారణలో ఇది ‘పూచె గలువలు’గా వినిపిస్తుంది, గకారం నిలిచింది, దాన్ని తెచ్చిన నకారం లేదు, లాచ్నలో ఇకారం లేనట్లే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్రుతాన్ని గురించిన రెండో సూత్రం, తనకు ముందున్న సూత్రం తెచ్చిపెట్టిన సరళానికి పూర్వమున్న ద్రుతానికే వర్తిస్తుందని చెప్పడం గమనించదగినది. అక్కడ వరుస సూత్రాల క్రమసంఖ్యలో మాత్రమే కాదు, సూత్రం మాటల్లోనే ఇమిడి ఉంది.

వరుసకు చరిత్రకు ఉన్న సంబంధం గురించి పండితుల్లో ఏకాభిప్రాయం తేలికగా కుదరలేదు. కొండ గ్రామంలో ఇత్వం, ఇలోపం తరువాతి శతాబ్దాల్లో వచ్చిన మార్పులై ఉంటాయని ఊహించడం సహజమే, చాలాచోట్ల అది నిజం కూడా. కాని లెనర్డ్ బ్లూంఫీల్డ్ 1939లో ఉత్తర అమెరికాలోని మెనామిని భాషను ఇలాంటి వరుస మెట్లతో వర్ణిస్తూ, ఆ క్రమం వర్ణనకు సంబంధించినదే తప్ప చరిత్ర కాదని స్పష్టంగా వేరుచేశాడు. కిపార్స్కీ మొదట నియమాలు కాలక్రమంలో ఒకదాన్నొకటి ఎక్కువగా పోషించే వరుసలోకీ, తక్కువగా హరించే వరుసలోకీ జరుగుతాయని ప్రతిపాదించాడు; ఆ లెక్కన చూస్తే నాలుగు గ్రామాల్లో రేవు గ్రామానిదే స్థిరమైన వరుస కావాలి. తరువాత అతడే అపారదర్శకతను తగ్గించుకునే వైపు భాషలు మొగ్గుతాయని అభిప్రాయాన్ని సవరించాడు, అప్పుడు స్థిరత్వం లోయ గ్రామానికి దక్కుతుంది. 1993లో అలన్ ప్రిన్స్, పాల్ స్మొలెన్స్కీ ప్రతిపాదించిన ఆప్టిమాలిటీ సిద్ధాంతం నియమాల వరుసనే తీసివేసి, పలికే రూపం మీది నిబంధనల ప్రాధాన్యక్రమంతో పని నడపబోయింది. లోయ గ్రామం ఆ సిద్ధాంతానికి సులభంగా లొంగుతుంది. మిగిలిన మూడూ లొంగవు, వాటి కోసం తరువాత ఎన్నో సవరణలు పుట్టుకొచ్చాయి.

దత్తాంశం చెప్పనిదాన్ని చెప్పినట్లు రాయడం ఈ రకం సమస్యల్లో తరచుగా జరిగే పొరపాటు. మూడు నియమాలకు ఆరు వరుసలు సాధ్యం, కాని పైన నాలుగు గ్రామాలే ఏర్పడ్డాయి, కారణం ఇత్వానికీ ఇలోపానికీ ఒకదానితో ఒకటి నిమిత్తం లేకపోవడమే: ఇత్వం తెచ్చే ఇకారం పదాంతంలో ఉంటుంది, ఇలోపం తీసే ఇకారం పదం నడుమ ఉంటుంది. లోయ గ్రామానికి ‘ఇత్వం, ఇలోపం, చత్వం’ అని రాసినా ఒక్క రూపం కూడా మారదు కనుక, ఆ రెంటిలో ఏది ముందని అడిగితే ‘తేల్చలేము’ అన్నదే సరైన జవాబు. ఇలోపం పదాంతంలోని ఇకారానికి కూడా వర్తించే ఐదో గ్రామం ఒకటి ఉంటే అప్పుడు సంగతి వేరు. అక్కడ రాయిని ఏ వరుసలోనైనా బామ్ అనే అంటారు, కాని ఇంటిని మోల్ అంటే ఇత్వం ముందనీ, మోలి అంటే ఇలోపం ముందనీ తేలుతుంది.